చేతి ఎక్స్‌రేలో రుమటాయిడా, గౌటా? ఎముక ఎక్కడ తినబడిందో చూసి తేల్చుకునే పద్ధతి

చేతి కీళ్లు వాచి, ఆర్‌ఏ ఫ్యాక్టర్ కొంచెం ఎక్కువగా వస్తే చాలామందికి రుమటాయిడ్ ఆర్థరైటిస్ అన్న ముద్ర పడిపోతుంది. వాళ్లలో కొందరికి అసలు ఉన్నది గౌట్, అంటే యూరిక్ యాసిడ్ స్ఫటికాలుగా కీళ్లలో పేరుకునే జబ్బు. ముఖ్యంగా అరవై దాటి, బీపీకి థయజైడ్ మాత్రలు వాడుతూ, కిడ్నీ పనితీరు కాస్త తగ్గిన ఆడవాళ్లలో గౌట్ కాలి బొటనవేలితో మొదలవ్వాలనేమీ లేదు. నేరుగా చేతివేళ్లలో, అదీ పలు కీళ్లలో ఒకేసారి కనిపించవచ్చు. రుమటాయిడ్‌కు ఇచ్చే మెథోట్రెక్సేట్ ఏళ్ల తరబడి నడుస్తుంది, వేళ్ల మీద గడ్డలు మాత్రం పెరుగుతూనే ఉంటాయి. ఇలాంటి చోట చేతి ఎక్స్‌రేని వరుస తప్పకుండా చదివితే చాలాసార్లు సంగతి తేలిపోతుంది. జనరల్ ప్రాక్టీస్‌లో ఉన్న డాక్టర్లను, పీజీ విద్యార్థులను, తమ ఫిల్మ్‌లో ఏముందో అర్థం చేసుకోవాలనుకునే రోగులను దృష్టిలో పెట్టుకుని ఆ వరుసను ఇక్కడ రాస్తున్నాను.

ముందుగా కీళ్ల పేర్లు. పిడికిలి బిగిస్తే పైకి లేచే కణుపుల దగ్గరున్నవి ఎంసీపీ కీళ్లు. వేలి మధ్యలో ఉన్నవి పీఐపీ. గోరుకు దగ్గరగా ఉన్నవి డీఐపీ. కాలిలో ఎంసీపీకి సరిపోయేవి ఎంటీపీ కీళ్లు.

మొదటి మెట్టు: సరైన ఫిల్మ్ తీయించడం

నొప్పి ఉన్న ఒక్క చేతికే ఎక్స్‌రే రాస్తే సగం సమాచారం పోయినట్టే. రెండు చేతులూ కావాలి, ఎందుకంటే రెండు వైపులా ఒకేలా ఉందా లేదా అన్నదే ఒక ప్రశ్న. అరచేతులు ప్లేటుకు ఆనించి తీసే మామూలు వ్యూతో పాటు నార్‌గార్డ్ వ్యూ కూడా అడగండి. బంతి పట్టుకోబోతున్నట్టు చేతులను సుమారు 45 డిగ్రీలు వెల్లకిలా తిప్పి తీస్తారు కాబట్టి దీన్ని బాల్ క్యాచర్ వ్యూ అని కూడా అంటారు. 1965లో నార్‌గార్డ్ దీన్ని వర్ణించింది రుమటాయిడ్ తొలి మార్పుల కోసమే. మామూలు వ్యూలో ఎముక చాటున దాగిపోయే చిన్న గుంటలు ఇందులో బయటపడతాయి.

వీలైతే రెండు పాదాలకూ ఫిల్మ్ తీయించండి. రుమటాయిడ్‌లో చేతుల కంటే ముందు చిటికెనవేలి ఎంటీపీ దగ్గర ఎముక తినబడటం తరచుగా చూస్తాం. గౌట్‌లోనైతే కాలి బొటనవేలి ఎంటీపీ. చేతి ఫిల్మ్ ఎటూ తేల్చనప్పుడు పాదాల ఫిల్మ్ తేల్చవచ్చు.

ఉంగరాలు, గాజులు తీయించమని టెక్నీషియన్‌కు గుర్తు చేయండి. ఉంగరం నీడ సరిగ్గా పీఐపీ దగ్గరి మెత్తటి భాగం మీద పడుతుంది. ఇంకో మాట, ఫిల్మ్‌ను లైట్ బాక్స్ మీద పెట్టి ఫోన్‌తో ఫొటో తీసి వాట్సాప్‌లో పంపితే దాని మీద నిర్ణయం చెప్పకండి. ఎరోజన్, అంటే ఎముక తినబడిన గుంట, పెద్దదైతే కనిపిస్తుందేమో గానీ చర్మం కింది వాపు అంచులు, ఎముక అంచున సన్నటి తెల్లగీత అన్నీ ఆ ఫొటోలో చెరిగిపోతాయి. మనకు కావలసినవి అవే.

రెండో మెట్టు: ఎముకల కంటే ముందు వాపును చూడటం

ఫిల్మ్ తెరవగానే కళ్లు ఎముకల మీదికే పోతాయి. వాటిని కాసేపు వదిలేయండి. వేళ్ల చుట్టూ చర్మం గీత ఎలా నడుస్తోందో ప్రతి వేలికీ రెండు పక్కలా చూడండి.

రుమటాయిడ్‌లో జబ్బు కీలు లోపలి సైనోవియం పొరలో ఉంటుంది. ఆ పొర కీలు చుట్టూతా ఉంటుంది కాబట్టి వాపు కూడా చుట్టూతా, రెండు పక్కలా సమానంగా వస్తుంది. పీఐపీ దగ్గర వేలు మధ్యలో లావై, అటూ ఇటూ సన్నబడుతుంది. మణికట్టు దగ్గర చిటికెనవేలి వైపు, ముంజేతి ఎముక అల్నా చివర పొడుచుకొచ్చిన స్టైలాయిడ్ మీద వాపు ఉంటే దాన్ని వదలకండి. అక్కడ స్నాయువు తొడుగు వాచి ఉండవచ్చు, రుమటాయిడ్ తరచుగా ముందే పట్టే చోటు అది.

గౌట్‌లో వాపు ఒక పక్కకే ఉబికి ఉంటుంది. యూరేట్ స్ఫటికాలు ముద్దగా పేరుకున్నదాన్ని టోఫస్ అంటాం. అది కీలు చుట్టూ సమానంగా పరుచుకోదు, దొరికిన చోట గడ్డ కడుతుంది. అందుకే చర్మం గీత ఒక వైపు మామూలుగా ఉండి, మరో వైపు గుండ్రంగా పైకి లేస్తుంది. ఆ గడ్డ కీలుకు సరిగ్గా ఎదురుగా ఉండాలని కూడా లేదు, ఎముక కాండం పక్కన ఉండవచ్చు. చుట్టుపక్కల కండ కంటే కాస్త తెల్లగా, మబ్బుగా కనిపిస్తుంది. కొందరిలో, ముఖ్యంగా కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లలో, దాని మీద సున్నం చుక్కలు కూడా పడతాయి.

ఇక్కడ పొరపాటు పడే చోటు ఒకటుంది. రుమటాయిడ్‌లోనూ చర్మం కింద ఒక పక్కకు గడ్డలు వస్తాయి, వాటిని రుమటాయిడ్ నాడ్యూల్స్ అంటాం. ఇవి సాధారణంగా సున్నం పట్టవు, పక్కనున్న కండ కంటే తెల్లగా కనిపించవు. ఒక పక్క గడ్డ కనిపించగానే గౌట్ అని రాసేయకండి. ఆ గడ్డ కింద ఎముక ఎలా ఉందో చూశాకే మాట్లాడాలి.

మూడో మెట్టు: ఎముక సాంద్రత, కీలు సందు

రుమటాయిడ్ మంట రక్తప్రసరణను పెంచి కీలుకు రెండు పక్కలా ఎముకను పలచబరుస్తుంది. ఎంసీపీ, పీఐపీల దగ్గర ఎముక చివరలు కాండం కంటే నల్లగా కనిపిస్తాయి. గౌట్‌లో, చాలా ముదిరితే తప్ప, ఎముక మామూలు తెలుపులోనే ఉంటుంది. టోఫస్ అంత పెద్ద గుంట తవ్వినా, ఆ గుంట పక్కనున్న ఎముక గట్టిగా కనిపించడం గౌట్ ప్రత్యేకత.

డిజిటల్ ఎక్స్‌రేలో ఈ సాంద్రతను అంచనా కట్టడంలో జాగ్రత్త కావాలి. మెషీన్ బొమ్మను తనకు తానే సర్దుతుంది కాబట్టి మొత్తం నల్లగా ఉందని, తెల్లగా ఉందని చెప్పడం నమ్మదగ్గది కాదు. అదే ఫిల్మ్‌లో కాండం మధ్యభాగాన్ని, కీలు దగ్గరి చివరను పోల్చండి. చూపుడువేలికి అరచేతిలో ఉండే ఎముక మెటాకార్పల్, దాని కాండం మధ్యలో రెండు పక్కల గట్టి పొరల మందం కలిపి ఎముక వెడల్పులో దాదాపు సగం ఉండాలి. అది బాగా తగ్గితే ఎముక పలచబడినట్టు. అది వయసు వల్ల కూడా కావచ్చు కాబట్టి పెద్దవాళ్లలో ఈ ఒక్క సాక్ష్యం మీద నిలబడకండి.

కీలు సందు సంగతి తేలిక. రుమటాయిడ్ మృదులాస్థిని మొత్తంగా తింటుంది, అందుకే సందు అంతటా సమానంగా ఇరుకవుతుంది. గౌట్‌లో పక్కనే పెద్ద గుంట ఉన్నా సందు చాలాకాలం నిలిచే ఉంటుంది. పెద్ద ఎరోజన్, పక్కనే చెక్కుచెదరని సందు, ఈ జంట కనిపిస్తే గౌట్ వైపు మొగ్గు చూపండి. బాగా ముదిరిన గౌట్‌లో సందు కూడా పోతుంది, అప్పుడు ఈ ఆధారం చేతికి రాదు.

నాలుగో మెట్టు: ఎరోజన్ ఎక్కడ మొదలైంది, దాని అంచు ఎలా ఉంది

అసలు తీర్పు ఇక్కడే. అందుకే ఇక్కడ తొందరపడకండి, జూమ్ చేసి ఒక్కో కీలును చూడండి.

కీలులో ఎముక చివరలను మృదులాస్థి కప్పి ఉంటుంది. కానీ కీలు తొడుగు లోపల, ఆ మృదులాస్థి అంచు దాటాక కొద్దిమేర ఎముక ఏ కప్పూ లేకుండా ఉంటుంది. వాచిన సైనోవియం మొదట నేరుగా తాకేది ఆ బోడి ఎముకనే. అందుకే రుమటాయిడ్ ఎరోజన్ కీలు మూలల్లో మొదలవుతుంది. చూపుడు, మధ్య వేళ్ల మెటాకార్పల్ తలకాయలకు బొటనవేలి వైపు మూల దానికి ఇష్టమైన చోటు. మొదట అక్కడ ఎముక తెల్లగీత మసకబారుతుంది, చుక్కలు చుక్కలుగా తెగుతుంది, తర్వాత చిన్న గుంట పడుతుంది. జబ్బు చురుగ్గా ఉన్నంతకాలం గుంట అంచు గరుగ్గా, మసకగా ఉంటుంది, చుట్టూ తెల్లటి గట్టి గీత ఉండదు. అల్నా స్టైలాయిడ్, మణికట్టు చిన్న ఎముకలు, పీఐపీ మూలలు కూడా ఇదే పద్ధతిలో తినబడతాయి.

గౌట్ పద్ధతి వేరు. టోఫస్ ఎముక మీద బయటి నుంచి ఒత్తుతూ, నెమ్మదిగా లోపలికి తవ్వుతుంది. ఏళ్ల తరబడి సాగే పని కాబట్టి ఎముకకు తనను కాచుకునే సమయం దొరుకుతుంది. గుంట లోపలి గోడ తెల్లగా గట్టిపడుతుంది. టోఫస్ పైకి పెరుగుతుంటే గుంట అంచున కొత్త ఎముక దాని మీదికి పొడుచుకువస్తుంది. పెంకుటింటి చూరు గోడ దాటి ముందుకు వచ్చినట్టు, ఎముక అంచు గడ్డ మీదికి వాలి ఉంటుంది. రేడియాలజిస్ట్ మార్టెల్ 1968లో ఈ చూరును గౌట్ గుర్తుగా వర్ణించాడు. గుంట పొడవు తరచుగా ఎముక పొడవు దిశలో ఉంటుంది. కీలు మూలలో కాకుండా కొన్ని మిల్లీమీటర్లు దూరంగా కూడా ఉండవచ్చు. రుమటాయిడ్ సైనోవియం చేరని చోట గుంట ఉందంటే అది రుమటాయిడ్ తవ్వింది కాదు.

2015లో అమెరికా, యూరప్ రుమటాలజీ సంఘాలు కలిసి తెచ్చిన గౌట్ వర్గీకరణలో ఎక్స్‌రే ఎరోజన్‌కు 4 మార్కులు ఇచ్చారు. మొత్తం 8 వస్తే గౌట్‌గా లెక్క. అయితే ఆ ఎరోజన్‌కు ఎముక గీత తెగి ఉండాలి, అంచు గట్టిపడి ఉండాలి, చూరు ఉండాలి. డీఐపీ కీళ్లను లెక్కలోంచి తీసేశారు. ఎందుకంటే కీళ్ల అరుగుదలలో ఒక రకమైన ఎరోసివ్ ఆస్టియో ఆర్థరైటిస్ ఎక్కువగా అక్కడే వస్తుంది. అందులో కీలు మధ్యలో ఎముక కుంగి, రెండు పక్కలా ఎముక పెరిగి, ఎగిరే పక్షి రెక్కల ఆకారం వస్తుంది. పెద్దవయసు ఆడవాళ్ల డీఐపీలలో ఈ అరుగుదల చాలా మామూలు. పైగా యూరేట్ కూడా అప్పటికే అరిగిన ఆ డీఐపీలలో పేరుకోవడానికి ఇష్టపడుతుంది. రెండూ ఒకే కీలులో ఉన్నప్పుడు ఎక్స్‌రే ఒక్కదానితో విడదీయడం కష్టం, ఇంకో కీలులో సాక్ష్యం వెతకాలి.

మరో రెండు మోసాలు గుర్తుంచుకోండి. రుమటాయిడ్‌కు మందులు బాగా పనిచేస్తే పాత ఎరోజన్ అంచు కూడా తెల్లగా గట్టిపడుతుంది. కాబట్టి తెల్ల అంచు ఒక్కటే గౌట్ కాదు, చూరు, చోటు రెండూ కుదరాలి. రెండోది, బరువు పని చేసే మగవాళ్లలో రుమటాయిడ్ ఉన్నా చేతిని ఆపకుండా వాడుతుంటారు కాబట్టి ఎముక పలచబడకపోవచ్చు, ఎముక లోపల పెద్ద సిస్టులు ఏర్పడవచ్చు. పార, పలుగు పట్టే రైతు చేతి ఫిల్మ్‌లో ఎముక గట్టిగా ఉందని రుమటాయిడ్‌ను కొట్టేయకూడదు.

ఐదో మెట్టు: ఏయే కీళ్లు, రెండు వైపులా ఒకేలా ఉందా

ఇప్పుడు వెనక్కి జరిగి మొత్తం చూడండి. రుమటాయిడ్ ఎంసీపీ, పీఐపీ, మణికట్టులను పట్టి, డీఐపీలను సాధారణంగా వదిలేస్తుంది. రెండు చేతుల్లో దాదాపు ఒకే తీరు. మణికట్టులో ఒక ఎముక కాదు, మొత్తం సమూహం దెబ్బతింటుంది. ముదిరాక వేళ్లు చిటికెనవేలి వైపు వాలతాయి, ఎంసీపీ దగ్గర వేలి ఎముక అరచేతి వైపు జారుతుంది.

గౌట్‌కు అలాంటి క్రమం లేదు. కుడి చూపుడువేలి డీఐపీ, ఎడమ ఉంగరపు వేలి పీఐపీ, మణికట్టులో మెటాకార్పల్ మొదళ్ల దగ్గర ఒకచోట, ఇలా ఎక్కడ పడితే అక్కడ. పెద్దగా తినబడిన కీలు పక్కనే ముట్టుకోని కీలు ఉంటుంది. చాలా ఏళ్లు మందు లేకుండా సాగిన గౌట్ మాత్రం రెండు చేతులకూ పాకి, దూరం నుంచి చూస్తే రుమటాయిడ్‌లా కనిపిస్తుంది. అప్పుడు మళ్లీ నాలుగో మెట్టుకే వెళ్లాలి.

ఒక కేసు మొదటి నుంచి చివరి దాకా

ఇలాంటి రోగులు వచ్చే తీరును ఒకే కేసుగా కూర్చి చెబుతున్నాను. అరవై మూడేళ్ల ఆవిడ. పదేళ్లకు పైగా బీపీ, మాత్రలో హైడ్రోక్లోరోథయజైడ్ కలిసి ఉంది. క్రియాటినిన్ 1.6. చేతివేళ్ల నొప్పులకు ఆర్‌ఏ ఫ్యాక్టర్ చేస్తే ల్యాబ్ హద్దు కంటే కొంచెమే ఎక్కువ వచ్చింది, రుమటాయిడ్‌ను ఇంకా కచ్చితంగా పట్టే రక్తపరీక్ష యాంటీ సీసీపీ చేయలేదు. మూడేళ్లుగా వారానికి మెథోట్రెక్సేట్ 15 మిల్లీగ్రాములు. "మందు మానకుండా వాడుతున్నానండీ, అయినా గడ్డలు పెరుగుతూనే ఉన్నాయి, మొన్న ఒకటి పగిలి సున్నంలాంటిది వచ్చింది" అంటుంది. ఆ చివరి మాట దగ్గరే ఆగాలి.

ఫిల్మ్ తీసుకుందాం. వాపు: కుడి మధ్యవేలి పీఐపీకి చిటికెనవేలి వైపు మాత్రమే ఉబ్బు, అది కాస్త తెల్లగా ఉంది. ఎడమ ఉంగరపు వేలి డీఐపీకి ఒక పక్క గడ్డ. ఎంసీపీల చుట్టూ వాపు లేదు. సాంద్రత: వయసుకు తగ్గ మామూలు పలుచదనం, కీళ్ల దగ్గర ప్రత్యేకంగా ఏమీ లేదు. సందు: ఎంసీపీలన్నీ నిండుగా ఉన్నాయి, మణికట్టులోనూ సందులు బాగున్నాయి. ఎరోజన్: కుడి మధ్యవేలి పీఐపీకి కొద్ది దూరంలో, సరిగ్గా ఆ గడ్డ కిందే, మధ్య ఎముక పక్కన తెల్ల అంచుతో గుంట. పై అంచు గడ్డ మీదికి పొడుచుకొచ్చింది. ఆ పీఐపీ సందు దాదాపు మామూలే. ఎడమ డీఐపీలో కూడా గుంట ఉంది గానీ, ఆ కీలుకు అరుగుదల కూడా ఉంది కాబట్టి దాన్ని లెక్కలోకి తీసుకోను. మూడేళ్ల రుమటాయిడ్ అయితే చూపుడు, మధ్య వేళ్ల మెటాకార్పల్ మూలలు ఎలా ఉన్నాయో నార్‌గార్డ్ వ్యూలో మళ్లీ చూడాలి. ఇక్కడ ఆ తెల్లగీత ఎక్కడా తెగలేదు.

పాదాల ఫిల్మ్‌లో కుడి బొటనవేలి ఎంటీపీకి లోపలి పక్క అదే తీరు గుంట. అక్కడ నొప్పి వచ్చినట్టు ఆవిడకు గుర్తు లేదు.

ఇక్కడి నుంచి ఎక్స్‌రే పని అయిపోయి సూది పని మొదలవుతుంది. గడ్డలోంచి సూదితో తీసిన పదార్థాన్ని పోలరైజ్డ్ మైక్రోస్కోప్ కింద చూస్తే సూది ఆకారపు యూరేట్ స్ఫటికాలు కనిపించాలి. లక్షణాలున్న కీలులో గానీ టోఫస్‌లో గానీ అవి దొరికితే 2015 వర్గీకరణ ప్రకారం మార్కులు కూడాల్సిన పని కూడా లేదు. రక్తంలో యూరిక్ యాసిడ్ చూడాలి, కానీ నొప్పి తీవ్రంగా ఉన్న రోజుల్లో అది మామూలుగా వచ్చి మోసం చేస్తుంది. మామూలుగా వస్తే నొప్పి తగ్గిన రెండు మూడు వారాలకు మళ్లీ చేయించండి. ఆర్‌ఏ ఫ్యాక్టర్ కొద్దిగా ఎక్కువ రావడం ఆ వయసులో జబ్బు లేనివాళ్లలోనూ ఉంటుంది. యాంటీ సీసీపీ చేయించి నెగెటివ్ వస్తే రుమటాయిడ్ అన్న ముద్ర ఇంకా బలహీనపడుతుంది.

కేసు తేలాక మెథోట్రెక్సేట్ కొనసాగించే కారణం మిగలదు, పైగా ఆ కిడ్నీలతో అది ప్రమాదం. థయజైడ్ బదులు వేరే బీపీ మందు, అల్లోప్యురినాల్ తక్కువ మోతాదుతో మొదలుపెట్టి మెల్లగా పెంచుతూ యూరిక్ యాసిడ్‌ను 6 లోపు ఉంచడం, ఇవన్నీ చూసే డాక్టర్ నిర్ణయించాల్సినవి. రోగులు ఈ వ్యాసం చదివి సొంతంగా ఏ మందూ ఆపవద్దు.

ఎక్స్‌రే ఎక్కడ చేతులెత్తేస్తుంది

రెండు జబ్బుల్లోనూ తొలినాళ్ల ఫిల్మ్ మామూలుగా ఉండవచ్చు. రుమటాయిడ్ మొదలైన కొన్ని నెలల్లో వాపు తప్ప ఏమీ కనిపించకపోవడం సహజం. అప్పుడు అల్ట్రాసౌండ్ గానీ ఎంఆర్‌ఐ గానీ సైనోవియం మంటను, చిన్న గుంటలను ముందే చూపిస్తాయి. గౌట్‌లో ఎక్స్‌రే గుంటలు రావడానికి సాధారణంగా ఏళ్లు పడుతుంది. మొదటి దాడి రోజున ఎక్స్‌రే తీసి ఏమీ లేదు, గౌట్ కాదు అని రాస్తే తప్పు. అల్ట్రాసౌండ్‌లో మృదులాస్థి మీద రెండో గీతలా యూరేట్ పొర కనిపిస్తుంది, డ్యూయల్ ఎనర్జీ సీటీ యూరేట్‌కు వేరే రంగు ఇస్తుంది. కానీ కొత్తగా మొదలైన గౌట్‌లో ఈ సీటీ కూడా తప్పిపోవచ్చు.

చూపుడు, మధ్య వేళ్ల ఎంసీపీలలో మాత్రమే మార్పులుంటే ఇంకో జబ్బు కూడా గుర్తుకు రావాలి, అది క్యాల్షియం పైరోఫాస్ఫేట్ స్ఫటికాల వల్ల వచ్చే కీళ్ల జబ్బు. అందులో మెటాకార్పల్ తలకాయలకు కొక్కెంలా ఎముక పెరుగుతుంది, మణికట్టులో అల్నా దగ్గరి మృదులాస్థిలో సన్నటి సున్నపు గీత ఉంటుంది. ఆ గీత కోసం ఒక్కసారి చూస్తే చాలు, చాలా గందరగోళం తప్పుతుంది.

రిపోర్ట్ ఎలా రాయాలి

"కీళ్లవాత మార్పులు ఉన్నాయి" అని రాస్తే చదివే డాక్టర్‌కు పనికొచ్చేది ఏమీ ఉండదు. పై కేసుకు నేనైతే ఇలా రాస్తాను: "కుడి మధ్యవేలి పీఐపీ పక్కన, కీలు అంచుకు దూరంగా, గట్టి అంచుతో, చూరులాంటి ఎముక మొనతో ఎరోజన్. దాని మీద ఒక పక్క ఉబ్బిన, కాస్త తెల్లని మెత్తటి గడ్డ. కీలు సందు నిలిచి ఉంది. రెండు చేతుల ఎంసీపీలు, మణికట్లలో ఎరోజన్ లేదు, కీళ్ల దగ్గర ఎముక పలచబడటం లేదు. ఎడమ ఉంగరపు వేలి డీఐపీలో అరుగుదల ఉంది, అక్కడి ఎరోజన్ తేల్చలేం. కుడి పాదం మొదటి ఎంటీపీలో కూడా అదే తీరు ఎరోజన్. టోఫస్‌లతో కూడిన గౌట్‌ను బలంగా సూచిస్తోంది. గడ్డ నుంచి స్ఫటికాల పరీక్ష, సీరం యూరిక్ యాసిడ్ సూచన."